నైట్ డ్యూటీల వారం: నిద్ర, ఇంటిపని, పిల్లలు – ఏది ముందు పెట్టుకోవాలి

నేను హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో స్టాఫ్ నర్సుని. పదమూడేళ్లుగా మార్నింగ్, ఈవెనింగ్, నైట్ మారుతూనే ఉన్నాయి. మొదటి నాలుగేళ్లు పనుల మధ్యలో ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడ పడుకునేదాన్ని. ఒకరోజు నైట్ దిగి స్కూటీ మీద ఇంటికి వస్తూ మా వీధి మలుపు దాటి రెండు కిలోమీటర్లు ముందుకు వెళ్లిపోయాను. మధ్యలో ఒక సిగ్నల్ ఉంది. అక్కడ ఆగానో లేదో ఇప్పటికీ గుర్తు లేదు. పద్ధతి మార్చింది ఆ రోజే. ముందు నిద్రకు గంటలు పెట్టి, మిగిలిన వాటిలో పనులు సర్దడం మొదలుపెట్టాను.

ఒక రోస్టర్ తీసుకుని రోజువారీగా చెబుతాను. మీ ఆస్పత్రిలో టైమింగులు వేరే ఉండొచ్చు. గంటలు మార్చుకున్నా లెక్క ఇదే.

మార్నింగ్ 8 నుంచి 2, ఈవెనింగ్ 2 నుంచి 8, నైట్ రాత్రి 8 నుంచి ఉదయం 8. మొదటి వారం సోమ నుంచి గురు వరకు మార్నింగ్, శుక్ర, శని ఈవెనింగ్, ఆదివారం ఆఫ్. రెండో వారం సోమ నుంచి గురు వరకు నాలుగు నైట్లు, శుక్రవారం నైట్ ఆఫ్, శనివారం ఆఫ్, ఆదివారం మళ్లీ మార్నింగ్. ఆస్పత్రి నుంచి ఇంటికి ముప్పావు గంట. ఇంట్లో మా ఆయన, అత్తయ్య, ఏడో తరగతి చదివే పాప, రెండో తరగతి బాబు.

మార్నింగ్, ఈవెనింగ్ వారం పెద్దగా ఇబ్బంది పెట్టదు. పది, పదకొండింటికి పడుకుంటే సరిపోతుంది. గొడవంతా రెండు చోట్లే: నైట్లలోకి దిగే సోమవారం, నైట్ల నుంచి బయటికి వచ్చే శుక్రవారం. అందుకే ఎక్కువగా ఆ రెండు రోజుల గురించే రాస్తున్నాను.

మొదటి పని: రోస్టర్ మీద నిద్ర గీయడం

డ్యూటీ లిస్టు ఫొటో వాట్సాప్‌లో రాగానే ఒక కాగితం మీద పద్నాలుగు రోజులకు అడ్డంగా పద్నాలుగు గీతలు గీస్తాను. ముందు డ్యూటీ గంటలు నింపాలి. తర్వాత ప్రయాణం. తర్వాత నిద్రని పెన్నుతో నల్లగా నింపాలి. మిగిలిన తెల్ల జాగాలో ఇంటిపనులు, పిల్లలు పెన్సిల్‌తో. పెన్నుతో రాసింది కదలదు, పెన్సిల్‌తో రాసింది కదులుతుంది. ఈ కాగితం ఫ్రిజ్ తలుపు మీద ఉంటుంది. బీరువాలో దాస్తే లాభం లేదు, ఎందుకంటే దాన్ని చదవాల్సింది నేను కాదు, ఇంట్లో వాళ్లు.

నైట్ల వారంలో నా కాగితం మీద నల్ల జాగా ఇలా పడుతుంది: సోమవారం మధ్యాహ్నం 2:30 నుంచి 5. మంగళ, బుధ, గురువారాలు ఉదయం 9:45 నుంచి సాయంత్రం 4. శుక్రవారం ఉదయం 9:45 నుంచి 12:45, మళ్లీ రాత్రి 9:30 నుంచి. ఈ గంటలు ఎందుకు ఇలా ఉన్నాయో తెలిస్తే మీ రోస్టర్‌కి మీరే కట్టుకోగలరు.

సోమవారం: నైట్‌కి ముందు మధ్యాహ్నం నిద్ర

సోమవారం పొద్దున ఏడింటికి లేచి, ఇంటిపని చేసుకుని, పడుకోకుండా రాత్రి డ్యూటీకి వెళ్తే మంగళవారం ఉదయం ఎనిమిదిన్నరకు దిగేసరికి ఇరవై అయిదున్నర గంటలు మెలకువగా ఉన్నట్టు. 1997లో 'నేచర్' పత్రికలో వచ్చిన ఒక పరిశోధనలో పదిహేడు గంటలు మెలకువగా ఉన్నవాళ్ల పనితీరు రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాళ్ల స్థాయికి పడిపోయింది. మన దేశంలో బండి నడిపేవాళ్లకు చట్టం పెట్టిన హద్దు వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు, అంటే 0.03 శాతం. చుక్క తాగకుండానే ఆ హద్దు దాటిపోయి ఇంజెక్షన్లు లోడ్ చేస్తున్నామన్నమాట.

అదే సోమవారం మధ్యాహ్నం రెండున్నర గంటలు పడుకుని అయిదింటికి లేస్తే మంగళవారం దిగేసరికి పదిహేనున్నర గంటలే అవుతుంది. ఒక్క మధ్యాహ్నం నిద్రతో పది గంటల తేడా.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. పనులన్నీ అయ్యాక అయిదింటికి, అయిదున్నరకి పడుకోబోతారు. నిద్ర రాదు. ‘నాకు పగలు నిద్ర పట్టదు సిస్టర్’ అంటారు. పగలు పట్టదని కాదు, సాయంత్రం పట్టదు. మామూలుగా పదింటికి పడుకునే శరీరానికి సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది, తొమ్మిది దాకా మెలకువ బలంగా ఉంటుంది. మధ్యాహ్నం రెండు, మూడు మధ్య మాత్రం సహజంగానే మగతగా ఉంటుంది, భోజనం చేసినా చేయకపోయినా. కాబట్టి సోమవారం పనులు ఒంటిగంటకు ఆపేయాలి. భోంచేసి రెండున్నరకల్లా చీకటి గదిలో ఉండాలి. నిద్ర పట్టకపోయినా ఫోన్ లేకుండా గంటన్నర పడుకుని ఉండండి. చాలాసార్లు పట్టేస్తుంది.

ఆదివారం రాత్రి నేను కావాలనే పన్నెండింటి దాకా మేలుకుని సోమవారం ఎనిమిదింటికి లేస్తాను. పిల్లల్ని స్కూలు బస్సు ఎక్కించేది ఆ రోజు మా ఆయన. ఈ ఒక్కపూట కోసం మొదట్లో ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. ‘నైట్ రాత్రికి కదా, పొద్దున ఇంట్లోనే ఉంటావుగా?’ అన్నారు. ఫ్రిజ్ మీద కాగితం చూపించాక మళ్లీ అడగలేదు.

డ్యూటీలో: ఇంటి నిద్ర పాడుచేసేవి

పగటి నిద్ర ఎలా పడుతుందో వార్డులోనే సగం తేలిపోతుంది. టీ, కాఫీలో కెఫీన్ సగం దిగడానికే అయిదారు గంటలు పడుతుంది. ఉదయం 9:45కి పడుకోవాలంటే చివరి కప్పు రాత్రి మూడు లోపే అయిపోవాలి. శాంపిళ్లు తీశాక అయిదున్నరకి అందరూ కలిసి తాగే టీ ఉంటుంది కదా, అదే మన నిద్రని తినేది. నేను ఆ టైములో వేడినీళ్లు తాగుతాను. మొదట్లో అందరూ నవ్వారు.

అన్నం ఇంట్లోనే ఏడింటికి తినేసి వెళ్తాను. పన్నెండింటికి రెండు ఇడ్లీలో, అరటిపండో, మజ్జిగో. రాత్రి రెండు, మూడింటికి కూర, అన్నం డబ్బా ఖాళీ చేస్తే అరగదు. దిగాక గుండెల్లో మంటతో పడుకోవాల్సి వస్తుంది.

మూడు నుంచి అయిదు మధ్య ఒంటి వేడి అన్నిటికన్నా తక్కువకు దిగుతుంది, చురుకుదనమూ దానితోపాటే దిగుతుంది. ఇన్సులిన్, హెపారిన్, పొటాషియం లాంటివి ఆ టైములో పక్క సిస్టర్‌తో గట్టిగా చదివించుకుని ఇవ్వండి. ఇన్‌చార్జి ఒప్పుకుని, వార్డు చూసే మనిషి ఉంటే వంతులవారీగా ఇరవై నిమిషాల కునుకు మంచిదే. ఇరవైని నలభై చేస్తే గాఢనిద్రలో నుంచి లేవాల్సి వస్తుంది, పావుగంట దాకా తల పనిచేయదు. కునుకు నుంచి లేవగానే డ్రిప్ రేటు లెక్క వేయకండి. ముఖం కడుక్కుని, ఒక రౌండ్ తిరిగి, అప్పుడు లెక్క.

మంగళ, బుధ, గురువారాలు: తొమ్మిది ముప్పావు నుంచి నాలుగు

తర్వాతి షిఫ్టు వాళ్లకి పేషెంట్లని అప్పగించి, అదే ఓవర్ ఇచ్చి, బయటపడేసరికి ఎనిమిదిన్నర. మొదటి నైట్ దిగిన పొద్దున నేను బండి తీయను, బస్సే. కళ్లు మండుతూ, గడిచిన అయిదు నిమిషాల దారి గుర్తు రాకపోతే ఏ రోజైనా సరే, డ్యూటీ రూంలో ఇరవై నిమిషాలు కునుకు తీసి గాని కదలను. ఆవులింతల కంటే ఈ మరుపే అసలు గుర్తు.

పొద్దుటి ఎండ కంట్లో పడితే ఒళ్లు ‘తెల్లారింది’ అనుకుంటుంది. బస్సులో వచ్చేటప్పుడు నల్ల కళ్లద్దాలు పెట్టుకుంటే ఇంటికి రాగానే నిద్ర త్వరగా పడుతుంది. మీరే బండి నడుపుతుంటే మాత్రం వద్దు, ఆ వెలుగే మిమ్మల్ని కాస్త మేల్కొల్పి ఉంచుతుంది.

ఇంటికి రాగానే స్నానం, ఒక దోసె లేదా ఉప్మా, పడక. ఈ మధ్యలో ‘ఒక్క చిన్న పని’ అని మొదలుపెడితే పదకొండవుతుంది. అప్పటికి ఎండ ముదిరి, వీధి చప్పుడు పెరిగి, ఒంట్లో మెలకువ కూడా ఎక్కుతుంది. అందుకే పొద్దున ఒక్క పనీ చేయకూడదనేది మా ఇంట్లో నియమం. సింకులో గిన్నెలుంటే సింకులోనే ఉంటాయి.

గది సంగతి. కర్టెన్లు కొనక ముందు నేను పాత నల్ల దుప్పటిని రెండు మడతలు వేసి కిటికీ చువ్వలకు బట్టల క్లిప్పులతో బిగించేదాన్ని. గుర్తు ఏంటంటే, తలుపు మూశాక చెయ్యి చాపితే వేళ్లు కనిపించకూడదు. ఫ్యాన్, కూలర్ చప్పుడు మంచిదే, బయటి చప్పుళ్లని మింగేస్తుంది. నిద్రలేపేది ఉన్నట్టుండి వచ్చే శబ్దం: కుక్కర్ విజిల్, కాలింగ్ బెల్, మిక్సీ. మా తలుపుకి ఒక చిన్న పలక వేలాడుతుంది. ‘నైట్ డ్యూటీ. బెల్ కొట్టొద్దు. సాయంత్రం 4 తర్వాత రండి’ అని సుద్దముక్కతో రాసి ఉంటుంది. పక్కనే ఒక సంచి, కొరియర్ వాళ్లు అందులో వేసి వెళ్తారు. గ్యాస్ బండ బుక్ చేసేటప్పుడు కూడా ఆ మూడు రోజులు తప్పించి చేస్తాం. ఫోన్ సైలెంట్. స్కూలు నుంచి ఏదైనా అర్జంటు అయితే మా ఆయనకి చేస్తారు, స్కూల్లో మొదటి నంబరు ఆయనదే ఇచ్చాం.

ఒంటిగంట ప్రాంతంలో మెలకువ వస్తుంది. దాదాపు అందరికీ వస్తుంది, అది జబ్బు కాదు. రాత్రంతా మేలుకున్న అలసట మొదటి మూడు, నాలుగు గంటలు నిద్రపుచ్చుతుంది. అలసట కొంత తీరాక ఒంట్లోని గడియారం ‘మధ్యాహ్నమైంది, లే’ అంటుంది. అప్పుడు ‘ఇంక పట్టదులే’ అని లేచి వంటింట్లోకి వెళ్తేనే నష్టం. నేను లైటు వేయకుండా బాత్రూంకి వెళ్లొచ్చి, గ్లాసు మజ్జిగ తాగి మళ్లీ పడుకుంటాను. అరగంట అటూ ఇటూ దొర్లినా రెండింటికల్లా మళ్లీ పడుతుంది, నాలుగింటి దాకా. రెండు ముక్కలు కలిపి అయిదున్నర గంటలు వస్తే ఆ రాత్రి గడుస్తుంది. వరుసగా రెండు రోజులు అయిదు గంటలు కూడా రాకపోతే మూడో రోజు బండి తీయను, ఇన్‌చార్జికి చెప్పి బరువైన పేషెంట్లని ఇద్దరం పంచుకుంటాం.

ఇంటిపనులు: వేళ, చప్పుడు

పనులన్నీ ఒక లిస్టు రాసి, ఒక్కో దాని పక్కన రెండు ప్రశ్నలు వేసుకోండి. ఇది ఫలానా వేళకే జరగాలా? దీనికి చప్పుడు ఉందా?

మా వీధికి నీళ్లు రోజు విడిచి రోజు, అదీ తెల్లారుజామున వస్తాయి. ఆ వేళ నా చేతిలో లేదు. పిల్లల స్కూలు బస్సూ అంతే. ఇలా వేళ కట్టేసిన పనులు నైట్ల వారంలో నావి కావు, పూర్తిగా మా ఆయనవి. ‘వీలైతే చూస్తా’ అని సగం నా దగ్గర పెట్టుకున్నంత కాలం ఇద్దరం ఒకరి మీద ఒకరం పెట్టుకుని, సంపు నిండక, రోజంతా గొడవపడ్డాం. దానికి బదులు మార్నింగ్, ఈవెనింగ్ వారంలో నీళ్ల పని మొత్తం నాది.

చప్పుడున్న పనులు, అంటే మిక్సీ, వాషింగ్ మెషీన్, గిన్నెలు, నాలుగు తర్వాతే. అత్తయ్యకి ఇది కష్టమే అయింది, ఆవిడకి పదకొండింటికల్లా వంట అయిపోవాలి. కుక్కర్ బదులు ఆ మూడు రోజులు అన్నం గిన్నెలో వార్చమని అడిగాను. ‘మీ మామయ్య ఉన్నప్పుడు కుక్కరెక్కడిది’ అని నవ్వి ఒప్పుకున్నారు.

పిండి ఆదివారం ఆఫ్ రోజునే రుబ్బి పెడతాను, నాలుగు రోజులకు సరిపడా. అయితే మొత్తం పులియబెడితే బుధవారానికే పుల్లగా అవుతుంది. సగం పిండిని రుబ్బగానే, పులియక ముందే డబ్బాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టాలి. మిగిలిన సగం పులిసి సోమ, మంగళవారాలకు వస్తుంది. మంగళవారం సాయంత్రం ఏడింటికి డ్యూటీకి బయలుదేరేటప్పుడు రెండో డబ్బా బయట పెడితే తెల్లారేసరికి పొంగి బుధ, గురువారాలకు సిద్ధం. చలికాలంలో నాలుగింటికే బయట పెట్టాలి. కందిపొడి, ఒక రోటి పచ్చడి ఉంటే పొద్దున పొయ్యి దగ్గర పదినిమిషాల కన్నా ఎవరూ నిలబడనక్కర్లేదు.

యూనిఫాం నాలుగు జతలూ ఆదివారమే ఇస్త్రీకి. బిల్లులు, స్కూల్ ఫీజు లాంటివి నైట్ల వారంలో అసలు ముట్టను. నిద్రమత్తులో ఒకసారి కరెంటు బిల్లు రెండుసార్లు కట్టాను.

పిల్లలు: ఏ షిఫ్టుకి ఏ గంట

‘ఆఫ్ రోజు పిల్లలతో గడుపుతాను’ అనుకుంటే వాళ్లు వారం రోజులు ఎదురుచూడాలి. దానికి బదులు రోజూ ఒక గంట కుదిరేలా చూసుకోండి. షిఫ్టుని బట్టి ఆ గంట మారుతుంది, అంతే.

మార్నింగ్‌లో ఏడింటికే నేను వెళ్లిపోతాను కాబట్టి పొద్దున దొరకను, సాయంత్రం నాలుగున్నరకి ఇంట్లో ఉంటాను. ఈవెనింగ్‌లో రాత్రి తొమ్మిదికి వస్తే బాబు నిద్రలో ఉంటాడు, కానీ పొద్దున వాళ్లు బస్సెక్కే దాకా నేనుంటాను. నైట్లలో నాలుగింటికి లేస్తాను, నాలుగున్నరకి వాళ్లు వస్తారు. అంటే మార్నింగ్, నైట్ రెండింటికీ నాలుగున్నర నుంచి అయిదున్నర, ఈవెనింగ్‌కి పొద్దున ఆరున్నర నుంచి ఏడున్నర. ఈ గంట కాగితం మీద పెన్నుతోనే రాస్తాను.

ఆ గంటలో గొప్ప పనులేం ఉండవు. పాపకి జడ వేయడం, బాబు స్కూల్లో ఎవరు ఎవర్ని కొట్టారో చెప్పడం, అటుకులో బజ్జీలో తినడం. హోంవర్క్ మాత్రం చేయించను. నాలుగింటికి లేచిన మనిషికి ఓపిక తక్కువ, లెక్కల దగ్గర అరుస్తాను. అది వాళ్ల నాన్న ఎనిమిదింటికి చూస్తారు. పాప రాత్రి పడుకునే ముందు వాట్సాప్‌లో ఒక వాయిస్ మెసేజ్ పెడుతుంది. నేను పన్నెండింటి టిఫిన్ టైములో విని జవాబు పెడతాను, పొద్దున అది వింటూ రెడీ అవుతుంది.

భార్యాభర్తల మాటలకి కూడా చోటు కావాలి. మంగళవారం పొద్దున తొమ్మిదిన్నరకి, నేను పడుకోబోతూ, ఆయన ఆఫీసుకి బయలుదేరుతూ ‘ఆ ఫ్లాట్ ఈఎంఐ సంగతి’ అంటే ఇద్దరికీ చెడుతుంది. అలాంటివన్నీ శనివారానికి వాయిదా అని ముందే ఒప్పుకున్నాం.

శుక్రవారం: అలారం పెట్టుకుని లేవడం

నాలుగో నైట్ దిగిన పొద్దున ‘ఇవాళ డ్యూటీ లేదు, హాయిగా సాయంత్రం దాకా పడుకుంటా’ అనిపిస్తుంది. అలా అయిదింటి దాకా పడుకుంటే ఆ రాత్రి రెండైనా నిద్ర రాదు. శనివారం మధ్యాహ్నం లేస్తారు, ఆదివారం పొద్దున ఆరింటికి లేవాలంటే ప్రాణం మీదికి వస్తుంది. ఆఫ్‌లు రెండూ పోయి, మార్నింగ్ డ్యూటీకి నిద్రలేని ముఖంతో వెళ్తారు.

9:45కి పడుకుని 12:45కి అలారం. మూడు గంటలే. లేవడం ఘోరంగా ఉంటుంది, నాకు ఇప్పటికీ ఏడుపొచ్చినంత పని అవుతుంది. ముఖం కడుక్కుని వెంటనే డాబా మీదకో, బాల్కనీలోకో వెళ్లి పావుగంట వెలుతురులో నిలబడండి. భోజనం చేశాక కూర్చుంటే కునుకు ఖాయం, అందుకే బట్టలు మడతపెట్టడం, మొక్కలకి నీళ్లు పోయడం లాంటి నిలబడి చేసే పనులు ఈ మధ్యాహ్నానికే దాచుకుంటాను. మూడు తర్వాత టీ లేదు. బండి తీయను, నూనె మూకుడు పొయ్యి మీద పెట్టను, చుట్టాలింటికి వెళ్లను. రాత్రి ఎనిమిదికి తినేసి 9:30కి పడుకుంటే శనివారం ఆరున్నరకి మామూలు మనిషిలా లేస్తాను. పెద్ద పనులు, కూరగాయల మార్కెట్, పిల్లల్ని పార్కుకి తీసుకెళ్లడం, ఈఎంఐ సంగతి, అన్నీ శనివారం.

డ్యూటీ ఎక్స్‌చేంజ్ అడిగితే

రోస్టర్ మార్నింగ్ నుంచి ఈవెనింగ్‌కి, ఈవెనింగ్ నుంచి నైట్‌కి జరిగితే ఒళ్లు తట్టుకుంటుంది. మన ఒంటి గడియారం సహజంగానే ఇరవై నాలుగు గంటల కంటే కాస్త ఎక్కువ, ఆలస్యంగా పడుకోవడం దానికి తేలిక. వెనక్కి జరగడం కష్టం. అందుకని నైట్ దిగిన రోజే ఈవెనింగ్ చేయమంటే నేను ఒప్పుకోను, తోటి సిస్టర్ ఎంత బతిమాలినా. ఈవెనింగ్ చేసి మర్నాడు మార్నింగ్ అంటే మధ్యలో పన్నెండు గంటలు కనిపిస్తాయి. అందులో ప్రయాణం, ఓవర్, తిండి, స్నానం పోను నిద్రకి ఆరే మిగులుతాయి. ఒకసారైతే సరే, వారంలో రెండుసార్లు వద్దు.

నర్సింగ్ సూపరింటెండెంట్‌ని ఏదైనా అడగాలంటే ‘నైట్లు తగ్గించండి’ అనకండి, కుదరదు. ‘నైట్లన్నీ వరుసగా వేసి, వెంటనే రెండు ఆఫ్‌లు ఇవ్వండి’ అని అడగండి. సోమవారం ఒకటి, గురువారం ఒకటి విడివిడిగా వేస్తే సోమవారం, శుక్రవారం బాధ ప్రతిసారీ మొదటి నుంచి పడాలి.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు

రెండు ఆఫ్‌లలో బాగా పడుకున్నా తేరుకోలేకపోవడం, మార్నింగ్ డ్యూటీ వారంలో కూడా నిద్ర పట్టకపోవడం, ఇలా నెలల తరబడి సాగితే చూపించుకోవాలి. గురక బాగా ఉంటే అదీ చెప్పండి. ఫిట్స్ ఉన్నవాళ్లు, ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, గర్భిణులు నైట్లు ఒప్పుకునే ముందే డాక్టర్‌తో మాట్లాడి, అవసరమైతే కాగితం రాయించుకుని సూపరింటెండెంట్‌కి ఇవ్వాలి. వార్డు అల్మారాలోని ఆల్‌ప్రజోలం సగం బిళ్ల వేసుకుని పడుకునే అలవాటు మనలో ఉంది, నేను కళ్లారా చూశాను. సగం ఒకటవుతుంది, ఒకటి రోజూ అవుతుంది, ఆఫ్ రోజున కూడా అది లేకపోతే కన్ను మూతపడదు. డాక్టర్ మిమ్మల్ని చూసి రాయకపోతే దాని జోలికి వెళ్లకండి.

ఆదివారం మార్నింగ్‌కి అలారం 5:45. శనివారం రాత్రి పడుకునే ముందు నేను ఫ్రిజ్ మీది పాత కాగితం వెనక రెండు అంకెలు రాస్తాను: నాలుగు నైట్లలో మొత్తం ఎన్ని గంటలు పడుకున్నాను, ఎన్నిసార్లు ఎవరైనా నిద్రలేపారు. పోయిన నెల ఇరవై రెండు గంటలు, రెండుసార్లు. ఒకసారి గ్యాస్ బండ, ఒకసారి పక్కింటి బాబు బంతి మా బాల్కనీలో పడింది. పలక మీద ఇప్పుడు ఇంకో లైను చేరింది: ‘బంతి పడితే సాయంత్రం ఇస్తాను.’